కరిగే పీచు పొడి తాగుతున్నా మోషన్ గట్టిగానే ఉంది, గ్యాస్ మాత్రం పెరిగింది. తేడా ఎక్కడ?

సువర్ణ_34
అందరికీ నమస్కారం. నాకు మూడు రోజులకోసారి మోషన్ అవుతుంది. అది కూడా చిన్న చిన్న ఉండల్లా, చాలా గట్టిగా ఉంటుంది. పీచు తక్కువై ఉంటుందని చదవడం మొదలుపెట్టాను. ఎక్కడ చూసినా ఒకటే మాట: కరిగే పీచు మలాన్ని మెత్తబరుస్తుంది, కరగని పీచు ముందుకి తోస్తుంది. నా సమస్య గట్టిదనం కాబట్టి కరిగేదే సరైనదనుకుని ఒక పీచు పొడి కొన్నాను. నీళ్ళలో వేసి తిప్పితే పూర్తిగా కరిగిపోతుంది, అసలు ఏమీ కలపనట్టే ఉంటుంది. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా చొప్పున 18 రోజులుగా తాగుతున్నాను.

మధ్యాహ్నం అయ్యేసరికి పొట్ట బిగుసుకుపోయి, కూర్చోలేకపోతున్నాను. గ్యాస్ ఒకటే పోతోంది. మోషన్ మాత్రం ఎప్పటిలాగే రాళ్ళలా ఉంది. కరిగే పీచే కదా తాగుతున్నాను, మరి ఎందుకు మెత్తబడలేదు? ఇది ఆపేసి కరగని పీచుకి మారాలా? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

మురళీధర్_వి
సువర్ణ గారూ, మీరు తప్పు రకం తీసుకున్నారు. కరిగే పీచు కొలెస్ట్రాల్‌కీ షుగర్‌కీ. మలబద్ధకానికి పనిచేసేది కరగని పీచే, అది పేగులో చీపురులా ఊడ్చేస్తుంది. గోధుమ తవుడు తెచ్చుకోండి. తవుడు గరుకుగా గొంతుకి తగులుతుంది కాబట్టి మిక్సీలో మెత్తగా పొడి చేసుకుని, పెరుగులో రెండు చెంచాలు కలుపుకుని తినండి. పొడి ఎంత మెత్తగా ఉంటే పొట్టకి అంత తేలిక. నాకు తెలిసిన చాలామందికి ఇదే చెప్పాను.

చందన_రావ్
నాదొక చిన్న అనుమానం. నీళ్ళలో కరిగిపోయింది అంటే అది పంచదారలాగా రక్తంలోకి వెళ్ళిపోతుంది కదా? అలాంటప్పుడు మలం దాకా ఏం మిగులుతుంది? సువర్ణ గారికి పనిచేయకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. షుగర్ ఉన్నవాళ్ళు కరిగే పీచు తీసుకుంటే షుగర్ పెరుగుతుందా అని కూడా అడగాలనుకుంటున్నాను, మా అమ్మకి ఇద్దామనుకుంటున్నాను.

వసుంధర_ఆహారనిపుణి
చందన గారూ, కరగడం వేరు, అరగడం వేరు. పంచదారని చిన్నపేగు ముక్కలు చేసి లోపలికి తీసుకుంటుంది. పీచుని ముక్కలు చేసే ఎంజైములు మన ఒంట్లో లేవు. అందుకే కరిగేదైనా కరగనిదైనా చిన్నపేగు దాటి పెద్దపేగు దాకా వెళ్ళాల్సిందే. ఆ తర్వాత దానికి ఏమవుతుందన్న దగ్గరే అసలు తేడా మొదలవుతుంది. మీ అమ్మగారి సంగతి మళ్ళీ వస్తాను, ఆవిడ ఏ మందులు వాడుతున్నారో రాయండి.

సువర్ణ గారూ, సమాధానం చెప్పే ముందు ఒకటి అడుగుతాను. మీ పొడి డబ్బా వెనక పదార్థాల దగ్గర ఏం రాసుంది? "కరిగే పీచు" అన్నది ముందువైపు మాట. వెనక ఒక పేరు ఉంటుంది, అది కావాలి. చెంచాకి ఎన్ని గ్రాములో కూడా చూడండి. మురళీధర్ గారు చెప్పిన మెత్తటి తవుడు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి, ఎందుకో వివరంగా రాస్తాను.

సువర్ణ_34
చూశాను మేడమ్. "ఇన్యులిన్, చికోరీ వేరు నుంచి తీసినది" అని ఉంది. ఇంకేమీ లేదు. చెంచా 5 గ్రాములు. అంటే రోజుకి 10 గ్రాములు తాగుతున్నాను.

వసుంధర_ఆహారనిపుణి
ఇన్యులిన్ అయ్యుంటుందనే అనుకున్నాను. నీళ్ళలో కనబడకుండా పోయిందన్నారు కదా, అక్కడే అనుమానం వచ్చింది.

నేను పదహారేళ్ళుగా జీర్ణకోశ సమస్యలున్నవాళ్ళతో పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళతో ఇంట్లో ఒక చిన్న పని చేయిస్తాను. మూడు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోయండి. ఒకదాంట్లో మీ ఇన్యులిన్ పొడి, రెండోదాంట్లో ఇసబ్‌గోల్ పొట్టు, మూడోదాంట్లో గరుకు గోధుమ తవుడు, ఒక్కో చెంచా వేసి తిప్పి, పదిహేను నిమిషాలు వదిలేయండి. ఇన్యులిన్ గ్లాసులో నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. తవుడు అడుక్కి చేరుతుంది, పైన నీళ్ళు కొంచెం మబ్బుగా ఉంటాయి. ఇసబ్‌గోల్ గ్లాసు వంచితే నీళ్ళు జారవు, జిగురు ముద్దలా కదులుతుంది.

జాబితాల్లో ఇన్యులిన్‌నీ ఇసబ్‌గోల్‌నీ ఒకే వరసలో, "కరిగేవి" అని పెడతారు. కానీ గ్లాసులో ఆ రెండిటికీ పోలికే లేదు కదా. అందుకే కరుగుతుందా అన్న ఒక్క ప్రశ్నతో ఆగకూడదు. జిగురు కడుతుందా అని అడగాలి, పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని తినేస్తుందా అని కూడా అడగాలి.

ఇన్యులిన్ జిగురు కట్టదు. చిన్నపేగులో నీళ్ళతో పాటు జారిపోయి పెద్దపేగులోకి చేరుతుంది. అక్కడ బ్యాక్టీరియాకి అది చాలా ఇష్టమైన తిండి, చేరిన కాసేపటికే తినేస్తుంది. తింటే పులుస్తుంది, పులిస్తే గ్యాస్ వస్తుంది. మీకు పొద్దున తాగినదానికి మధ్యాహ్నం పొట్ట బిగుస్తోంది. తాగినది పెద్దపేగు దాకా వెళ్ళడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి ఆ లెక్క సరిపోయింది. ఇక చివరికి మలంలో నీటిని పట్టుకుని ఉంచడానికి ఇన్యులిన్ మిగలదు. మిగలనిది మెత్తబరచలేదు.

ఇసబ్‌గోల్ జిగురు కడుతుంది, బ్యాక్టీరియా దాన్ని పెద్దగా ముట్టుకోదు. పెద్దపేగు చేసే పనేమిటంటే వచ్చినదాంట్లోంచి నీళ్ళు పీల్చేయడం. ఇసబ్‌గోల్ ముద్ద ఆ నీళ్ళని వదలదు, చివరిదాకా పట్టుకునే వెళ్తుంది. గట్టి ఉండలకీ మెత్తగా జారే మలానికీ మధ్య నీటి తేడా ఎంతో అనుకుంటాం. నిజానికి మామూలు మలంలో నూటికి 75 పాళ్ళ దాకా నీళ్ళే. అది నాలుగు పాళ్ళు తగ్గితే గట్టిపడిపోతుంది, నాలుగు పాళ్ళు పెరిగితే వదులైపోతుంది. అందుకని కొంచెం నీళ్ళు పట్టుకోగలిగినా చాలు, మార్పు బాగా కనబడుతుంది.

మురళీధర్_వి
మేడమ్, మీరు చెప్పినది అర్థమైంది. కానీ తవుడు సంగతి ఒప్పుకోలేకపోతున్నాను. తవుడు తిని మలబద్ధకం తగ్గినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. అది స్పాంజిలా నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, అందుకే పనిచేస్తుంది. పొడి చేస్తే ఇంకా ఎక్కువ నీళ్ళు పీల్చుకోవాలి కదా?

వసుంధర_ఆహారనిపుణి
తవుడు పనిచేస్తుందన్నది నిజం మురళీధర్ గారూ. పనిచేసే తీరు మాత్రం మీరనుకున్నది కాదు.

1988లో బ్రిటన్‌లో ఒక ప్రయోగం చేశారు, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మనుషులకి తవుడు పలుకులంత ప్లాస్టిక్ పలుకులు మింగించారు. ప్లాస్టిక్ నీళ్ళు పీల్చదు, బ్యాక్టీరియా తినదు, అందులో పోషకాలు అసలే లేవు. అయినా మలం పరిమాణం పెరిగింది, పేగులో కదలిక వేగం పెరిగింది. అంటే పని చేసినది నీళ్ళు పీల్చే గుణం కాదు, గరుకుదనం. పలుకు పెద్దపేగు గోడకి తగులుతూ పోతుంటే గోడ నీళ్ళనీ జిగురునీ వదులుతుంది, ఆ తడే మలాన్ని జారేలా చేస్తుంది. ఇంట్లో ఎవరూ ప్లాస్టిక్ మింగకండి, అది కారణం తెలుసుకోవడానికి మాత్రమే చేసినది.

ఇప్పుడు మీ మిక్సీ సంగతి చూడండి. పొడి చేస్తే గరుకుదనం పోతుంది. గోడకి తగిలేది ఏమీ ఉండదు. మలంలో పొడి సరుకు మాత్రం పెరుగుతుంది, నీళ్ళు పెరగవు. మెత్తటి తవుడు మలాన్ని ఇంకా గట్టిపరచగలదు. సువర్ణ గారికి ఇప్పటికే గట్టి ఉండలు. అందుకే ఆపమన్నాను.

మురళీధర్_వి
ఇది నాకు కొత్త విషయం. మా అత్తగారికి రెండు నెలలు పొడి చేసే ఇచ్చాను. ఆవిడ "పొట్ట నిండుగా ఉంటోంది గానీ పని అవ్వట్లేదు నాయనా" అంటే, ఇంకో చెంచా పెంచాను. ఈ రోజే ఆపిస్తాను. గరుకుది ఇస్తే ఆవిడకి పళ్ళు సరిగా లేవు, ఎలా నమలాలి?

వసుంధర_ఆహారనిపుణి
పళ్ళు లేనివాళ్ళకి గరుకు తవుడు వద్దండి. మింగడంలో ఇబ్బంది లేకపోతే ఇసబ్‌గోల్ నయం, నిండా నీళ్ళతో. మింగేటప్పుడు పొలమారుతుంటే, గొంతులో ఆగినట్టు ఉంటుంటే అది కూడా వద్దు. డాక్టర్‌కి చూపించి వేరే మందు రాయించుకోవాలి. తక్కువ నీళ్ళతో వేసుకుంటే ఇసబ్‌గోల్ గొంతులోనే ఉబ్బుతుంది, అది ప్రమాదం.

రఫీ_శ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది మలబద్ధకం కాదు, కొలెస్ట్రాల్. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 148 వచ్చింది. డాక్టర్ గారు మూడు నెలలు తిండి మార్చి చూడమన్నారు. పొద్దున 40 గ్రాముల ఓట్స్ తింటున్నాను, రెండు నెలలైంది. మొన్న టెస్టులో 146. ఓట్స్‌లో కరిగే పీచు ఉందంటారు, మరి తగ్గదేం? నేను కూడా సువర్ణ గారిలాగే తప్పు రకం తింటున్నానా?

వసుంధర_ఆహారనిపుణి
రకం సరైనదే రఫీ గారూ, పరిమాణం చాల్లేదు. ఓట్స్‌లో ఉండేది బీటా గ్లూకాన్, అది జిగురు కట్టే రకం. ఓట్స్ ఉడికించి చల్లారనిస్తే చిక్కబడి సాగుతుంది కదా, అదే ఆ జిగురు. కొలెస్ట్రాల్ మీద ప్రభావం కనబడాలంటే రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలి. అమెరికాలో ఓట్స్ డబ్బాల మీద గుండెకి మంచిదని రాసుకోవడానికి 1997లో అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన లెక్క కూడా 3 గ్రాములే. ఓట్స్ బరువులో సుమారు నూటికి 4 పాళ్ళు బీటా గ్లూకాన్ ఉంటుంది. మీ 40 గ్రాముల్లో 1.6 గ్రాములు. అంటే సగం దారిలో ఆగిపోయారు. రెండు పూటలు తింటే 75, 80 గ్రాములవుతుంది, లెక్క సరిపోతుంది. ఓట్స్ తవుడు దొరికితే అందులో బీటా గ్లూకాన్ ఇంకా ఎక్కువ, అంత తినక్కర్లేదు.

అది చేసే పని ఇలా ఉంటుంది. తిన్న కొవ్వు అరగడానికి కాలేయం పైత్యరసం పంపిస్తుంది. ఆ రసంలోని ఆమ్లాలని కాలేయం కొలెస్ట్రాల్‌తోనే తయారు చేస్తుంది. పని అయ్యాక చిన్నపేగు చివర్లో వాటిని తిరిగి పీల్చుకుని కాలేయానికి పంపేస్తుంది, మళ్ళీ మళ్ళీ అవే వాడుకుంటుంది. జిగురు ఉంటే కొన్ని ఆమ్లాలు అందులో చిక్కుకుని బయటికి పోతాయి. లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది. తగ్గేది సాధారణంగా నూటికి 5 నుంచి 10 పాళ్ళు. 148 ఉన్నవాళ్ళకి 133, 140 మధ్యకి రావచ్చు. అంతకంటే ఎక్కువ ఆశపెట్టుకోకండి. డాక్టర్ గారు మందు అవసరమంటే ఓట్స్ పేరు చెప్పి వాయిదా వేయకండి.

చందన గారి అమ్మగారి ప్రశ్నకి కూడా ఇక్కడే సమాధానం ఉంది. జిగురు కట్టే పీచు చిన్నపేగులో తిండిని చిక్కగా చేస్తుంది కాబట్టి చక్కెర రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది. షుగర్ పెరగదు, భోజనం తర్వాత ఎగబాకే వేగం తగ్గుతుంది. ఇన్యులిన్‌కి ఈ పని రాదు, ఎందుకంటే చిక్కబరచలేదు.

చందన_రావ్
అమ్మ షుగర్ మాత్రలు వేసుకుంటుంది, ఇన్సులిన్ లేదు. పేరు దగ్గరగా ఉండటంతో ఇన్యులిన్ అంటే ఇన్సులిన్ లాంటిదేమో, షుగర్‌కి మంచిదేమో అని అదే కొనబోయాను. ఆగిపోయాను. చాలా థ్యాంక్స్.

శ్రావ్య_ఎం
వసుంధర గారూ, ఒక్క చోట విభేదిస్తున్నాను. నేను ఆహార ఉత్పత్తుల లేబుల్స్ మీద పనిచేస్తాను. యూరప్‌లో ఆహార భద్రత సంస్థ 2015లో చికోరీ ఇన్యులిన్ గురించి అభిప్రాయం ఇచ్చింది. రోజుకి 12 గ్రాములు తీసుకుంటే మోషన్ అయ్యే సార్లు పెరుగుతాయని ఒప్పుకుంది. కాబట్టి ఇన్యులిన్ మలబద్ధకానికి పనికిరాదని తేల్చేయడం సరికాదు. సువర్ణ గారు 10 గ్రాముల దగ్గర ఉన్నారు, పైగా 18 రోజులే అయింది.

వసుంధర_ఆహారనిపుణి
మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను శ్రావ్య గారూ, నేను కొంచెం గట్టిగా రాసేశాను. ఇన్యులిన్ తిన్న బ్యాక్టీరియా సంఖ్య పెరుగుతుంది. మలంలో బ్యాక్టీరియా వాటా తక్కువేం కాదు, అందుకని పరిమాణం కొంత పెరుగుతుంది, వారంలో సార్లు కూడా కొంత పెరగొచ్చు. పులిసినప్పుడు వచ్చే ఆమ్లాల్లో బ్యుటిరేట్ అనేది పెద్దపేగు గోడ కణాలకి ముఖ్యమైన ఇంధనం. అది చెడ్డ పదార్థం కాదు.

నేను చూసేది మాత్రం ఇది: సువర్ణ గారి ఫిర్యాదు ఎన్నిసార్లు అన్నది ఒక్కటే కాదు, గట్టిదనం. దానికి ఇసబ్‌గోల్‌తో వచ్చినంత మార్పు ఇన్యులిన్‌తో రావడం నా దగ్గరకి వచ్చినవాళ్ళలో చూడలేదు. ఈ పొట్ట బిగుతుతో ఆవిడ ఇంకో 2 గ్రాములు పెంచుకోగలరా అన్నది కూడా చూడాలి.

శ్రావ్య_ఎం
నేనైతే 3 గ్రాములకి తగ్గించి, నెమ్మదిగా పెంచి చూడమంటాను. ఒక్కసారిగా 10తో మొదలుపెట్టడమే గ్యాస్‌కి కారణమని నా అభిప్రాయం. బ్యాక్టీరియా అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈ విషయంలో మనిద్దరం ఒక మాట మీదికి రామేమో.

హేమంత్_జి
ఇసబ్‌గోల్ గురించి ఇంత ధైర్యంగా చెప్తున్నారు కాబట్టి నా సంగతి రాస్తాను. నేను పది నెలలు వేసుకున్నాను, సరిపడా నీళ్ళతోనే. మొదట్లో మెత్తబడింది, కానీ బయటికి రావడానికి అరగంట ముక్కుతూ కూర్చోవాలి. పూర్తిగా అయిన భావన ఉండేది కాదు. ఎక్కడికెళ్ళినా "పీచు పెంచండి" అన్నారు, పెంచేకొద్దీ పొట్ట బరువెక్కింది. చివరికి ఒక డాక్టర్ గారు పరీక్ష చేయించి, ముక్కేటప్పుడు సడలాల్సిన కండరం నాకు బిగుసుకుంటోందని చెప్పారు. అంటే తలుపు మూసిపెట్టి లోపల సరుకు పెంచుతూ పోయానన్నమాట. ఆ కండరాన్ని సడలించడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ ఆరు సార్లు తీసుకున్నాక తేలిక పడింది. నెలలు వృథా అయ్యాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

వసుంధర_ఆహారనిపుణి
హేమంత్ గారూ, మీరు రాయడం మంచిదైంది. పీచు ఎంత సరైనదైనా కండరం సహకరించని చోట పనిచేయదు. పెద్దపేగు కదలికే బాగా మందగించినవాళ్ళకి కూడా అంతే. మోషన్ మెత్తగా ఉన్నా బయటికి రాకపోతే, చాలాసేపు ముక్కాల్సి వస్తే, అది పీచు లోపం కాదని అనుమానించాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా అలవాటు మారడం ఉంటే పొడులతో ప్రయోగాలు చేయకుండా ముందు డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి.

సువర్ణ గారూ, మీకు ముక్కడం ఉందా? థైరాయిడ్ సమస్య, ఐరన్ మాత్రలు, ఇంకేమైనా మందులు?

సువర్ణ_34
ముక్కడం గట్టిగా ఉన్నప్పుడే. మెత్తగా అయిన రోజు ఇబ్బంది ఉండదు. రక్తం లేదు, బరువు అలాగే ఉంది. థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను, పొద్దున పరగడుపునే. అది చెప్పాల్సిన విషయమని తెలియలేదు. మాత్ర వేసుకున్న పది నిమిషాలకి ఈ పొడి నీళ్ళు తాగుతున్నాను.

వసుంధర_ఆహారనిపుణి
చాలా ముఖ్యమైన విషయం అది. పీచు ఆ మాత్ర ఒంట్లోకి చేరడాన్ని తగ్గించగలదు. జిగురు కట్టే రకమైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మాత్ర సరిగా చేరకపోతే థైరాయిడ్ తగ్గుతుంది, థైరాయిడ్ తగ్గితే మలబద్ధకం పెరుగుతుంది. అందుకని ముందు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకుని మీ డాక్టర్ గారికి చూపించండి. పీచు పొద్దున వద్దు, సాయంత్రానికి మార్చండి. మిగతా ఏ మందుకైనా ఇసబ్‌గోల్‌కీ మధ్య కనీసం 2 గంటలు ఉండాలి.

ఇలా చేయండి. ఇన్యులిన్ ఆపి మూడు నాలుగు రోజులు ఊరుకోండి, పొట్ట సర్దుకుంటుంది. తర్వాత సాయంత్రం ఒక చెంచా ఇసబ్‌గోల్ పొట్టు పెద్ద గ్లాసు నీళ్ళలో, అంటే 240 మిల్లీలీటర్లకి తక్కువ కాకుండా, వేసి తిప్పి వెంటనే తాగేయండి. ముద్ద కట్టేదాకా ఆగకండి. వెంటనే ఇంకో సగం గ్లాసు తాగండి. పడుకునే ముందు వద్దు. వారం అయ్యాక ఇబ్బంది లేకపోతే మధ్యాహ్నం భోజనానికి ముందు ఇంకో చెంచా. ఆ తర్వాత వారం చూసి పెంచండి. రోజుకి 10 గ్రాముల దగ్గరికి చేరి, మొత్తం నాలుగు వారాలు కాకుండా పనిచేసిందనీ చేయలేదనీ తేల్చకండి.

కిరణ్మయి_సి
నాకు ఐబీఎస్, అంటే పేగు పనితీరు గాడి తప్పే సమస్య. నొప్పి, ఒకసారి గట్టిగా, ఇంకోసారి నీళ్ళలా. తవుడు తిన్న వారం నరకం చూశాను. ఇసబ్‌గోల్‌తో రెండు వైపులా కొంచెం సర్దుకుంది. గట్టిదాన్ని మెత్తబరిచేది నీళ్ళ విరేచనాన్ని ఎలా గట్టిపరుస్తుందో నాకు ఇప్పటికీ విడ్డూరంగానే ఉంటుంది.

వసుంధర_ఆహారనిపుణి
రెండుచోట్లా చేసేది ఒక్కటే పని కిరణ్మయి గారూ, నీళ్ళని పట్టుకోవడం. గట్టిగా ఉన్నప్పుడు పోకూడని నీళ్ళని ఆపుతుంది. నీళ్ళలా ఉన్నప్పుడు విడిగా తిరిగే నీళ్ళని జిగురులో కట్టేస్తుంది. మీ అనుభవానికి బలం కూడా ఉంది. 2009లో నెదర్లాండ్స్‌లో ఐబీఎస్ ఉన్నవాళ్ళకి రోజుకి 10 గ్రాముల చొప్పున కొందరికి ఇసబ్‌గోల్, కొందరికి తవుడు, కొందరికి ఉత్త పిండి ఇచ్చి చూశారు. ఇసబ్‌గోల్ వాళ్ళకి మేలు కనబడింది. తవుడు గుంపులో చాలామంది లక్షణాలు ఎక్కువయ్యాయని మధ్యలోనే మానేశారు.

సువర్ణ_34
ఐదు వారాలైంది. టీఎస్‌హెచ్ 7.9 వచ్చింది, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. డాక్టర్ గారు మోతాదు పెంచలేదు, ముందు మాత్రకి దగ్గరగా ఏమీ తాగకుండా ఉండి ఆరు వారాల తర్వాత మళ్ళీ చేయించమన్నారు.

ఇన్యులిన్ ఆపిన మూడో రోజుకి పొట్ట బిగుతు పోయింది. ఇసబ్‌గోల్ మొదటి వారం నేను తప్పు చేశాను. ఆఫీసు నుంచి వచ్చి గ్లాసులో కలిపి, ఫోన్ వస్తే పక్కన పెట్టాను. వచ్చేసరికి ముద్దయింది, దాన్నే చెంచాతో తినేశాను, పైన నీళ్ళు తాగలేదు. ఆ రాత్రంతా ఛాతీ దగ్గర బరువుగా ఉంది. తర్వాత మీరు చెప్పినట్టే వెంటనే తాగి, మళ్ళీ సగం గ్లాసు తాగుతున్నాను. రెండో వారం చివర మొదటిసారి ఉండలు లేకుండా అయింది. ఇప్పుడు మూడు చెంచాల దగ్గర ఉన్నాను. రోజు విడిచి రోజు అవుతోంది, మెత్తగా, ముక్కకుండా. గ్యాస్ మొదట ఉన్నదాంట్లో పావు వంతు కూడా లేదు.

ఇంత మార్పు ఇసబ్‌గోల్‌ది ఎంతో, మాత్ర సరిగా చేరడంది ఎంతో నాకు తెలియడం లేదు.

వసుంధర_ఆహారనిపుణి
రెండూ ఒకేసారి మారాయి కాబట్టి ఇప్పుడు విడదీయలేం. టీఎస్‌హెచ్ మామూలుకి వచ్చాక, డాక్టర్ గారితో మాట్లాడి ఇసబ్‌గోల్ ఒక చెంచా తగ్గించి రెండు వారాలు చూడండి. మళ్ళీ గట్టిపడితే ఒక సంగతి, పడకపోతే ఇంకో సంగతి.

శ్రావ్య_ఎం
అప్పుడే 3 గ్రాముల ఇన్యులిన్ కూడా మళ్ళీ ప్రయత్నిస్తారా సువర్ణ గారూ? సాయంత్రం పూటే. నెమ్మదిగా మొదలుపెడితే గ్యాస్ వస్తుందో రాదో తెలుస్తుంది.

సువర్ణ_34
డబ్బా ఇంకా సగం ఉంది. పరీక్ష అయ్యాక చూస్తాను, ముందైతే దాని జోలికి వెళ్ళను.

మురళీధర్_వి
మా అత్తగారికి పొడి తవుడు ఆపి ఇసబ్‌గోల్ మొదలుపెట్టి పన్నెండు రోజులు. మింగడంలో ఇబ్బంది లేదని డాక్టర్ చూశాకే ఇచ్చాం. రెండు రోజులకోసారి అవుతోంది. ఒక ప్రశ్న మిగిలిపోయింది మేడమ్: గరుకు తవుడు రొట్టె పిండిలో కలిపి కాల్చినా గరుకుదనం ఉంటుందా, నానితే పోతుందా? నా కోసం అడుగుతున్నాను, నాకు పళ్ళు బాగానే ఉన్నాయి.

వసుంధర_ఆహారనిపుణి
పలుకు పరిమాణం చిన్నదవ్వకపోతే ఉండాలి మురళీధర్ గారూ. కాల్చిన రొట్టె ముక్క ఒకటి నీళ్ళలో నానబెట్టి, వేళ్ళ మధ్య నలిపి చూడండి. పలుకులు తగులుతుంటే పేగుకి కూడా తగులుతాయి. ఎంత నమిలి మింగుతారన్నది మాత్రం మీ చేతిలోనే ఉంది, అక్కడ ఎంత నలుగుతుందో గ్లాసులో చూసి చెప్పలేం.